విజయదశమి నాడు పడ్డ తాళం

ప్రేమలత మా అంగట్లో పనికి చేరిన మొదటి రోజే నాతో గొడవపడింది. అప్పటిదాకా నాతో గొడవపడే ధైర్యం ధర్మవరంలో ఇద్దరికే ఉండేది. ఒకరు మా ఆవిడ నాగేంద్రమ్మ, రెండోవాడు మా పాత నేతగాడు కుళ్ళాయప్ప. ఈ పిల్ల మూడోది.

గొడవ పాస్‌వర్డ్ గురించి. కంప్యూటరు నాది, అంగడి నాది, ఈమెయిలుకు కట్టే డబ్బు నాది. ఆ పాస్‌వర్డును కాగితం మీద రాసి తెర పక్కన అంటిస్తే తప్పేమిటని నేను. అంటించిన కాగితం చింపి, నలిపి, నమిలి మింగినంత పని చేసి, "అన్నా, ఇంటి తాళంచెవి గుమ్మానికి తగిలిస్తావా?" అని ఆమె. తగిలించను. అదే మాట చెప్పాను. "మరింకేం" అని తన పని తాను చూసుకుంది. నాకు కోపం వచ్చింది కానీ, ఆ కోపం సాయంత్రానికి మెచ్చుకోలుగా మారింది. నా కోపాల సంగతే అంత.

ఆమెది పెనుకొండ. వాళ్ళమ్మ మరియమ్మ బడిలో టీచరు. ప్రేమలత హిందూపురంలో కంప్యూటరు కోర్సు చదివి, అక్కడే రెండేళ్ళు పిల్లలకు నేర్పి, తర్వాత మా దగ్గరకు వచ్చింది. రోజూ పొద్దున రైలెక్కి వచ్చి సాయంత్రం రైల్లో పోయేది. గొంతు పెద్దది. తనకు పని వచ్చునని తనకు బాగా తెలుసు, ఆ మాట దాచుకునేది కాదు. "ఈ ఊళ్ళో నా అంత శుభ్రంగా మెయిలు పెట్టేవాళ్ళు ఎవురున్నారో చూపీ అన్నా" అనేది. నేను చూపలేకపోయేవాణ్ణి.

మాకు ఈమెయిలుతో పనేమిటంటే, చీరల డిజైన్లు. కుళ్ళాయప్ప గళ్ళ కాగితం మీద కొత్త కొంగు, కొత్త అంచు గీస్తాడు. ఆ గ్రాఫును మేం స్కాన్ చేసి బెంగుళూరులోని పెద్ద అంగడివాళ్ళకు పంపుతాం. వాళ్ళకు నచ్చితే ఆ గళ్ళ ప్రకారం చిల్లులు పడేలా జాకార్డు అట్టలు కొట్టించి మగ్గాల మీదికి ఎక్కిస్తాం. అందుకని బెంగుళూరులో దక్షిణ్ మెయిల్ అనే చిన్న కంపెనీ దగ్గర మా అంగడి పేరుతోనే ఒక మెయిలు పెట్టె తీసుకున్నాం. మా డిజైన్లన్నీ ఆ పెట్టెలోనే ఉండేవి.

డిజైను విషయంలో మా ఊళ్ళో తండ్రిని కొడుకు నమ్మడు. చేతిమగ్గం మీద నెలలు పట్టే కొంగును పవర్‌లూమ్ వాడు చూస్తే చాలు, పండగలోపు పదూళ్ళ సంతలో పరుస్తాడు. ఈ సంగతి జరగడానికి ముందు ఏడాది కుళ్ళాయప్ప గీసిన చిలకల అంచుకు అదే గతి పట్టింది. ఎవరి ద్వారా పోయిందో ఈనాటికీ తెలియదు. ఆ అంచు చౌక చీరలో చూసిన రోజు ఆయన అన్నం తినలేదు. ఏడాదంతా కాగితం మీద పెన్సిలు పెట్టలేదు. మళ్ళీ పెట్టాడంటే, అది రెండువేల ఎనిమిదిలో, ఈ కథ జరిగిన దసరాకు ముందు. ఈసారి గీసింది పొద్దుతిరుగుడు చేను. కొంగు నిండా పూలు, అన్నీ ఒకే వైపు తిరిగి, ఒక్కటి మాత్రం వెనక్కి చూస్తూ. ఎందుకప్పా ఆ ఒక్కటి అంటే, "దాని ఇష్టం" అన్నాడు. అది చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది.

బెంగుళూరు అంగడివాళ్ళకు ఒక ఆచారం ఉంది. పెళ్ళిళ్ళ సీజనుకు ఏ చీరలు వేయించాలో విజయదశమి నాటి సాయంత్రం దీపం పెట్టి నిర్ణయిస్తారు. ఆ సాయంత్రానికి అందిన డిజైన్లలోనే ఎంపిక. ఆలస్యమైతే మళ్ళీ ఏడాది దాకా ఆగాల్సిందే. "మీ కుళ్ళాయప్ప కొంగు ఎంపికైతే మా పుస్తకంలో ఆయన పేరుతోనే వేస్తాం" అని కూడా అన్నారు. ఆ మాట కుళ్ళాయప్పకు చెప్పినప్పుడు ఆయన ఉత్తి చేతులే పంచెకు తుడుచుకున్నాడు.

నవమికి ముందు రోజు ప్రేమలత గ్రాఫును స్కాన్ చేసి కంప్యూటర్లో దాచింది. దశమి పొద్దున మంచి గడియలో పంపుదామని నేనే ఆపాను. హిందూపురంలో తన పిన్ని కూతురి పెళ్ళి ఉందని ప్రేమలత సెలవు పెట్టి వెళ్ళింది. వెళుతూ మా అబ్బాయి సురేష్‌కు పెద్ద పాఠం చెప్పింది. "ఫేవరెట్స్‌లో మన పెట్టె వాకిలి పెట్టిండాను. ఆడ నొక్కి లోపలికి పో. ఎవురో పంపిన దారిలో పోవద్దు" అని. వాడు తలూపాడు. వాడు తలూపడంలో ఘనుడు.

నవమి నాడు ఆయుధపూజ. మా వైపు ఇది పెద్ద పండగ. మగ్గాలు, అచ్చులు, కత్తెర్లు, స్కూటరు, కాటా, అన్నీ కడిగి బొట్లు పెట్టి నిమ్మకాయలు కోస్తాం. పూజలో పెట్టిన పనిముట్టును మరుసటి రోజు దాకా ముట్టుకోం. కంప్యూటరు కొన్నప్పటి నుంచి దానికీ పూజే. ప్రతి ఏడాదీ ప్రేమలత ముందే కీబోర్డు మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, "అక్కా, ఇప్పుడు ఎన్ని బొట్లయినా పెట్టుకో. మా ఏసుప్రభువు కూడా ఏమనుకోడు" అని నాగేంద్రమ్మను నవ్వించేది. ఈ ఏడు ఆమె లేదు. కాగితం కప్పాలన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

దశమి పొద్దున పది గంటలకు సురేష్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. కుళ్ళాయప్ప కొత్త పంచె కట్టుకుని వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. డిజైను పోయేటప్పుడు చూడాలట. పోవడం కంటికి కనబడదప్పా అన్నా వినలేదు.

సురేష్ ఫేవరెట్స్‌లోంచే వాకిలి తెరిచాడు. పాస్‌వర్డు కొట్టాడు. తప్పన్నది. మళ్ళీ కొట్టాడు. తప్పు. నేను గదమాయించాను. వాడు ఇంకా గబగబా కొట్టాడు. అయిదోసారికి తెర మారిపోయింది. తప్పు పాస్‌వర్డులు ఎక్కువయ్యాయి, పెట్టెకు తాళం వేశాం, గంట తర్వాత మళ్ళీ ప్రయత్నించండి, మీ ఇంకో ఈమెయిలుకు కబురు పంపాం, అని ఇంగ్లీషులో రాసి ఉంది.

ఆ ఇంకో ఈమెయిలు నాదే. ఊరికే వచ్చే రకం పెట్టె, పాస్‌వర్డు అడగకుండానే తెరుచుకునేలా సురేష్ పెట్టుకున్నాడు. తెరిస్తే అందులో దక్షిణ్ మెయిల్ పేరుతో ఒకటి కాదు, రెండు కబుర్లు ఉన్నాయి.

మొదటిది చూడటానికి ఏమీ లేదు. బొమ్మ లేదు, రంగు లేదు, నాలుగు వరసలు. రెండోది చూస్తే పెళ్ళిపత్రికలా ఉంది. పైన కంపెనీ గుర్తు, ఎర్రటి అక్షరాల్లో హెచ్చరిక. మీ పెట్టెకు తాళం పడింది, ఇరవైనాలుగు గంటల్లో ఇక్కడ నొక్కి మీ వివరాలు ధ్రువపరచకపోతే అందులో ఉన్నదంతా తుడిచేస్తాం, అని. కింద నీలం రంగులో నొక్కే చోటు.

"తుడిచేస్తారంటనా?" అని కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు. "నొక్కప్పా సురేషూ, ఏమిటికి చూస్తాండావు?"

నేనూ నొక్కమనేవాణ్ణే. కానీ నొక్కి ఏదైనా చెడితే ప్రేమలత నోట్లో పడాలి. ముందు ఆమెకు ఫోన్ చేశాను.

పెళ్ళింటి డోలు చప్పుడులోంచి ఆమె గొంతు వచ్చింది. నేను చెప్పింది విని, "ఒక్క నిమిషం అన్నా, బయటికి వస్తాండా" అంది. డోలు దూరమైంది. "ఏదీ నొక్కలేదు కదా?"

"లేదమ్మా."

"సగం గండం గడిచినట్లే. సురేషుకు ఇయ్యి ఫోను. లేదులే, గట్టిగా మాట్లాడేట్టు పెట్టు, అందరూ వినండి."

నా సెల్లులో ఆ సదుపాయం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"తాళం పడింది నిజమే" అంది ప్రేమలత. "ఎట్లంటే, మన వాకిట్లో మనం నిలబడి చూసినాం. అది ఎవురో చెప్పిన మాట కాదు. ఇంక ఆ రెండు కబుర్లలో ఏది కంపెనీది, ఏది దొంగది అనేదే తేలాల. ఎర్రది ఎప్పుడొచ్చిండాదో చూడు సురేషూ."

"నిన్న మధ్యాన్నం అక్కా."

"నిన్న ఎవురన్నా కంప్యూటరు ముట్టినారా?"

పూజలో ఉన్నదాన్ని ఎవరు ముడతారు? ఆ మాటే చెప్పాను.

"మనం ముట్టకపోయినా బయటోడెవుడో తప్పు పాస్‌వర్డు కొట్టి తాళం పడేట్టు చేయొచ్చు. కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. అయినా తాళం మన కళ్ళముందు పడింది ఈ పొద్దు. నిన్ననే పడిందని రాసినోడి మాట నాకు రుచించలా. ఆ రంగు లేనిదాంట్లో ఏముండాది, చదువు."

సురేష్ చదివాడు. అందులో మా పెట్టె పేరు పూర్తిగా ఉంది. ఈరోజు పది గంటల పద్నాలుగు నిమిషాలకు అయిదు తప్పు ప్రయత్నాలు జరిగాయని ఉంది. గంట తర్వాత దానంతట అదే తెరుచుకుంటుందని, ఆ ప్రయత్నాలు మీవి కాకపోతే మీ ఒప్పందపత్రంలో ఉన్న నంబరుకు ఫోన్ చేయమని ఉంది. మేం ఎప్పుడూ పాస్‌వర్డు అడగం అని చివరి వరస. నొక్కమనే చోటు ఎక్కడా లేదు.

"ఎర్రదాంట్లో మన పేరుండాదా?"

"ప్రియమైన ఖాతాదారుకు అనుండాదక్కా."

"చూసినావా! ఇప్పుడు బాణం గుర్తును ఆ నీలం అక్షరాల మీదికి తీసుకపో. నొక్కొద్దు. ఉత్తినే నిలబెట్టు. తెర కింద అంచులో ఒక చిరునామా వస్తాది. అక్షరం అక్షరం చదువు."

సురేష్ బాణాన్ని మెల్లగా దాని మీదికి జరిపాడు. వాడు చదివాడు. హెచ్‌టీటీపీ, రెండు వాలుగీతలు, దక్షిణ్‌మెయిల్ డాట్ కామ్ డాట్, అన్‌లాక్ చిన్నగీత హెల్ప్ డాట్ ఇన్ఫో, ఆ తర్వాత ఒక వాలుగీత, ఆ తర్వాత ఏవేవో అంకెలు.

"దక్షిణ్ మెయిల్ అనుండాది కదమ్మా" అన్నాను నేను. "వాళ్ళదే కదా మరి?"

"అన్నా, మన పేర్లల్లో ఇంటిపేరు యాడుంటాది?"

"ముందర."

"ఈటికి చివరుంటాది. ఆ రెండు వాలుగీతల తర్వాత వచ్చే మొదటి ఒంటి వాలుగీత చూడు. దానికి ముందర ఆనుకోని ఉండేదే ఇంటిపేరు. ఈడ అన్‌లాక్ చిన్నగీత హెల్ప్ డాట్ ఇన్ఫో. దాని ముందర ఎవురైనా ఏ పేరైనా తగిలించుకోవచ్చు. నేను రేపు ఎవురి బిడ్డ పేరుకో ముందర నీ పేరు తగిలిస్తే, అది నీ బిడ్డయిపోతాదా?"

కుళ్ళాయప్ప ఫక్కున నవ్వాడు. నేను నవ్వలేదు గానీ, విషయం మాత్రం మేకు దిగినట్టు దిగింది. ఇన్నేళ్ళుగా ఆ చిరునామాలు చూస్తున్నాను, వాటికీ ఇంటిపేరు ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు.

"పంపినోడి పేరు కాడ కంపెనీ పేరే ఉండాది కదక్కా?" అని సురేష్.

"ఉత్తరం వెనకాల ఎవురి పేరైనా రాయొచ్చప్పా. అది చూసి నమ్మొద్దు. ఇంకొకటి చెప్తా, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. ఆ రంగు లేనిది నిజమైనదే అనుకో. అయినా దాంట్లోంచి దారి పట్టుకోని పోవద్దు. మన వాకిలి మనకు తెలుసు. ఫేవరెట్స్‌లోంచి పోవాల, నంబరు కావాలంటే బీరువాలో ఒప్పందపత్రం తీయాల. అట్లయితే కబురు నిజమా అబద్ధమా అని తేల్చలేకపోయినా మనకు నష్టముండదు." కాస్త ఆగి అంది, "గంట ఆగండి. ఈలోగా కంపెనీకి ఫోన్ కొడతా ఉండండి."

ఎర్ర అక్షరాలది పైన పటారం లోన లొటారమని నాకు నమ్మకం కుదిరింది. బీరువాలో పత్రం తీసి ఫోన్ చేశాను. పండగ పూట, ఎంతసేపు చేసినా ఎంగేజే.

గంట గడిచింది. సురేష్ ఈసారి మెల్లగా, ఒక్కొక్క మీట చూసుకుంటూ కొట్టాడు. తప్పు. మళ్ళీ కొట్టాడు. తప్పు. ఆపరా అంటే ఆపే రకం కాదు వాడు. అయిదూ అయ్యాయి. మళ్ళీ తాళం.

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. గంటకు తెరుచుకుంటుందన్న కబురు నిజమైనదట! పాస్‌వర్డు సరైనదేనని సురేష్ ఒట్టు పెట్టుకుంటున్నాడు. నాకూ తెలుసు ఆ పాస్‌వర్డు, వాడు కొట్టింది అదే. మరి నిజమన్న కబురే అబద్ధమాడితే, అబద్ధమన్నది నిజం ఎందుకు కాకూడదు? ఎర్రదాంట్లో కనీసం ఏం చేయాలో చెప్పారు. గడియారం పన్నెండు దాటుతోంది. కుళ్ళాయప్ప మొహం చూడలేకపోయాను.

"ఆ పిల్ల పెళ్ళిలో బువ్వ తింటా చెప్తాండాది, మనం ఈడ మునిగిపోతాండాం" అన్నాడాయన. నా వైపు తిరిగాడు. "పోయినేడు అంచు పోయింది. ఈ ఏడు కొంగే పంపలేకపోతాండాము. నొక్కప్పా హనుమంతూ. ఉండేదంతా తుడిచేస్తే ఏం మిగుల్తాది నాకు?"

నేను సురేష్‌ను లేపి ఆ కుర్చీలో కూర్చున్నాను. బాణం గుర్తును ఆ నీలం అక్షరాల దగ్గరకు తెచ్చాను. నా వేలికింద మీట ఉంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా నాయన అనేవాడు. కానీ అడుసు ఏదో గట్టు ఏదో తెలియనప్పుడు ఆ సామెత ఎందుకూ పనికిరాదు.

సెల్లు మోగింది. ప్రేమలతే.

"తెరుచుకుందా అన్నా?"

"లేదు. నీ నిజం కబురు అబద్ధమాడింది" అన్నాను కసిగా. "మళ్ళీ తాళం పడింది. నేను ఎర్రది నొక్కుతాండా."

ఆమె అరవలేదు. అరిస్తే నొక్కేవాణ్ణేమో. చాలా మామూలుగా అడిగింది, "నొక్కితే అది ఏం అడుగుతాది అన్నా?"

"ఏమో."

"పాస్‌వర్డు అడుగుతాది. దాని పని అంతే. వాకిలి తెరిచేవాడికి తాళంచెవి మనమిచ్చేదేముండాది? తాళం వాళ్ళదే కదా. నువ్వు రాసిచ్చిన నిమిషానికి వాళ్ళు మన పెట్టెలోకి పోతారు. కుళ్ళాయప్ప తాత గీసినవన్నీ, పాతవి కొత్తవి, వాళ్ళ చేతిలో ఉంటాయి. వాళ్ళు వాటిని చూస్తారో చూడరో నాకు తెలీదు. మన పేరుతో ఊరందరికీ దొంగ మెయిళ్ళు పంపుతారు, అది మాత్రం తెలుసు. చెయ్యి తీయి అన్నా."

తీశాను.

"ఆ కబురు అబద్ధమాడలా" అంది. "తెరుచుకుందని మీకెట్ల తెలుసు? మళ్ళీ పాస్‌వర్డు అడిగింది కదా? అంటే తెరుచుకున్నట్లే. మళ్ళీ తప్పు కొట్టినారు, మళ్ళీ పడింది. తాళానికి మంచోడు, చెడ్డోడు తెలీదు, తప్పు, ఒప్పు తెలుసు. మీరు కొట్టేది తప్పు పోతాండాది. చుక్కలు కనపడతాయి కదా అక్షరాలకు బదులు, అందుకే మీకు తెలియడం లేదు. సురేషూ, నోట్‌ప్యాడ్ తెరువు. పాస్‌వర్డు కొట్టొద్దు. ఏబీసీడీలు మొత్తం కొట్టు."

సురేష్ కొట్టాడు. మేమంతా తెర మీదికి వంగాం. ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, ఐ.

జీ తర్వాత ఐ.

"హెచ్ రాలేదక్కా" అన్నాడు సురేష్. మళ్ళీ నొక్కాడు. నొక్కి పెట్టాడు. రాలేదు. మా పాస్‌వర్డులో హెచ్ ఉంది.

ప్రేమలతకు వెంటనే తట్టింది. "ఆయుధపూజకు కీబోర్డు మీద కాగితం కప్పినారా?" అంది.

నాగేంద్రమ్మ అప్పటికే వంటింటి గడపలో నిలబడి ఉంది. "నేను నడిమధ్యలో ఒక్క బొట్టే పెట్టినా" అంది. "పసుపునీళ్ళు చల్లినా. కొంచెం పానకం కూడా."

కీబోర్డుకు నడిమధ్య ఏముంటుందో చూశాను. జీ, హెచ్. ఎర్రటి బొట్టు పైపైన తుడిచి ఉంది గానీ, మీట చుట్టూ సందులో పసుపూ కుంకుమా పానకంతో కలిసి పాకంలా గడ్డకట్టి ఉన్నాయి.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. దేవుడికి దండం పెట్టి దేవుడి చేతే తాళం వేయించుకున్నాం! నాగేంద్రమ్మ మాత్రం జడలోంచి పిన్ను తీసి నా చేతిలో పెట్టింది.

"కంప్యూటరు ఆపేసి, కీబోర్డు వైరు తీసి, పిన్నుతో మీటను పైకి లేపు అన్నా. దూది తడిపి తుడువు, బాగా ఆరనీ" అని ప్రేమలత చెప్పింది. "ఆరినంక ముందు నోట్‌ప్యాడ్‌లో చూడండి. హెచ్ వస్తేనే వాకిలి కాడికి పోండి. ఇంకో అయిదు తప్పులకు ఇప్పుడు టైము లేదు. నేను హిందూపురం నెట్ సెంటర్లోంచి పోయి చూడొచ్చు గానీ, ఆడ ఏ కంప్యూటర్లో ఎవుడేం పెట్టిండాడో, మన పాస్‌వర్డు ఆడ కొట్టను. గ్రాఫు కూడా నీ కాడే ఉండాది."

నేనే తుడిచాను. నలభై ఏళ్ళు పట్టుపోగులు విడదీసిన వేళ్ళు, ఒక మీట విప్పలేవా? కుళ్ళాయప్ప పక్కన కూర్చుని ఊదాడు. కీబోర్డును కిటికీలో ఎండకు పెట్టి ముగ్గురం కాపలా కాశాం.

రెండు గంటలకు కంపెనీ ఫోను కలిసింది. అవతల ఒక కుర్రవాడు కన్నడంలో మాట్లాడాడు. నాకు కన్నడం వచ్చు, మా వైపు రానివాడెవడు? పేరు, అంగడి పేరు అడిగి, "పెట్టేయండి, మీ అంగడి నంబరుకు నేనే చేస్తాను" అన్నాడు. చేశాడు. తమ దగ్గర రాసి ఉన్న నంబరు అదే కాబట్టి మేమేనని నమ్మకం కుదిరిందట. పొద్దున ఒకసారి, పదకొండు దాటాక ఒకసారి తాళం పడిందని వాడే చెప్పాడు. నేను తొందరలో పాస్‌వర్డు చెప్పబోతే, "వద్దు వద్దు, నాకూ చెప్పకండి" అని అడ్డుపడ్డాడు. ఎర్ర కబురు గురించి చెబితే నిట్టూర్చాడు. నిన్నటి నుంచి వాళ్ళ ఖాతాదారులకు చాలామందికి వచ్చిందట. ఇద్దరు ముగ్గురు నొక్కేశారట. రెండోసారి పడ్డ తాళం కూడా గంటకే తెరుచుకుందని చెప్పి పెట్టేశాడు.

హెచ్ కొడితే హెచ్ వచ్చింది. ఆ ఒక్క అక్షరం చూసి మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. సురేష్ ఫేవరెట్స్‌లోంచి వాకిలి తెరిచి, పాస్‌వర్డు ఒక్కసారే కొట్టాడు. పెట్టె తెరుచుకుంది. లోపల అన్నిటికన్నా పైన ఏముందో తెలుసా? అదే ఎర్ర కబురు, ఇంకో కాపీ. పెట్టెకు తాళం పడిందని చెప్పే ఉత్తరం ఆ పెట్టెలోనే కూర్చుని ఉంది! తాళం వేసిన గదిలోంచి తాళం పడిందని కేకేసేవాడిని ఏమనాలి?

పొద్దుతిరుగుడు కొంగు మూడు గంటలకు బెంగుళూరు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు కుళ్ళాయప్ప తెరకు దణ్ణం పెట్టాడు. సాయంత్రం దీపాల వేళకు అంగడివాళ్ళు ఫోన్ చేశారు. కొంగు ఎంపికైంది. ఆయన ఇంటిపేరు ఎలా రాయాలో అడిగారు. నేను చెప్పబోతే కుళ్ళాయప్ప ఫోను లాక్కుని, "ముందర రాయండప్పా, చివర కాదు" అన్నాడు.

ప్రేమలత రెండు రోజుల తర్వాత వచ్చింది. చేతులకు ఇంకా గోరింట ఎర్రగా ఉంది. నేను ఆమెను పొగడాలని మాటలు కూడబెట్టుకున్నాను. ఆమె నన్ను నోరు తెరవనివ్వలేదు. ముందు నా సొంత పెట్టె తెరిచి, "దీనికి పాస్‌వర్డు అడగకుండా పెట్టినోడెవుడు?" అని సురేష్‌ను నిలదీసింది. ఎర్ర కబురును కంపెనీకి పంపి, మా రెండు పెట్టెల్లోంచీ తుడిచేసింది. తర్వాత పాస్‌వర్డు మార్చడానికి కూర్చుని, "అన్నా, అటు తిరుగు" అంది.

"నా అంగడి, నా కంప్యూటరు" అన్నాను.

"తిరుగు. మార్చినంక నీ చెవిలో చెప్తా. నువ్వు కొట్టేటప్పుడు నేను తిరుగుతా."

తిరిగాను. గోడవైపు మొహం పెట్టి నిలబడి, ఈ పిల్ల పుట్టిన పెనుకొండకు, కన్న మరియమ్మకు మనసులో మొక్కుకున్నాను. పెళ్ళిడోలు పక్కన నిలబడి, కంటికి కనబడని తెరను చూస్తూ, నా వంటి మొండివాణ్ణి ఒక్క మాటతో ఆపింది. అంత నిదానం నాకు ఈ జన్మలో రాదు.

అప్పుడే కుళ్ళాయప్ప వచ్చాడు. చంకలో చుట్టిన కాగితం ఉంది. ఆయన గీసిన గ్రాఫు పూర్తయ్యేదాకా ఎవరికీ చూపడు. పెళ్ళాం యల్లక్కకు చూపడు, నాకు అసలే చూపడు. చిలకల అంచు పోయాక పూర్తయినదాన్ని కూడా పంచె కింద పెట్టుకుని తెచ్చేవాడు. నేను చెయ్యి చాపాను.

ఆయన నన్ను దాటుకుని పోయి, ఆ చుట్టను ప్రేమలత గోరింట చేతుల్లో పెట్టాడు.

"ఇది ఇంకా సగమే అయ్యిండాది పాపా" అన్నాడు. "నీ కాడ పెట్టు."